స్టీపుల్‌చేజ్‌లో ఆ మొదటి సగం ల్యాప్ సగం ల్యాప్ కాదు

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. ఫ్లాట్ 3000 నాకు 8:55. ఈ మధ్య మొదటిసారి సింథటిక్ ట్రాక్ మీద స్టీపుల్‌చేజ్ పరిగెత్తాను, 9:39 వచ్చింది. వాటర్ జంప్ ట్రాక్‌కి లోపలివైపు ఉంది. ఏడున్నర ల్యాపులు, ల్యాప్‌కి 76 చొప్పున కొడితే 9:30 వస్తుందని వెళ్లాను. సగం ల్యాప్ కరెక్ట్‌గా 38కి దాటాను. తర్వాత మా ఫ్రెండ్ తీసిన స్ప్లిట్స్ 73, 75, 77, 79, 81, 80, 76. పీఈటీ సార్ స్టామినా లేదంటున్నారు. నిజంగా స్టామినాయేనా, హర్డిల్స్ దగ్గర పోతోందా? 9:30కి ఏ ల్యాప్ ఎంతలో కొట్టాలి?

జవాబు:

తమ్ముడూ, నీ స్ప్లిట్స్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ 81 కాదు, నువ్వు కరెక్ట్ అనుకున్న 38. అక్కడే రేసు చెయ్యి జారింది. ఎందుకో చెప్తాను, నీ అంకెలతోనే.

ఏడున్నర ల్యాపులు అనేది ఫ్లాట్ 3000కి సరిపోయే లెక్క. 76ని ఏడున్నరతో గుణిస్తే 570 సెకన్లు, అంటే 9:30. అంతవరకు నీ గుణకారం బాగానే ఉంది. స్టీపుల్‌చేజ్‌లో మాత్రం వాటర్ జంప్, అంటే వెనక నీళ్ల గుంత ఉన్న హర్డిల్, లోపలివైపు ఉంటే మన దారి మలుపు దగ్గర కొంచెం అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. దాంతో ల్యాప్ 400 మీటర్లు ఉండదు, 396 దగ్గర ఉంటుంది. అలాంటివి ఏడు ల్యాపులు వేస్తే 2,773 మీటర్లే అవుతాయి. మిగిలిన 227 మీటర్లు స్టార్ట్ దగ్గర పెడతారు. ఆ ముక్కలో దూకేదేమీ ఉండదు. అందరూ దాటి మొదటి ల్యాప్‌లోకి వెళ్లాకే అక్కడి హర్డిల్స్ ట్రాక్ మీదికి తెస్తారు.

నువ్వు దాన్ని 200 అనుకుని 38లో కొట్టావు. అది 227. అంటే వంద మీటర్లకి 16.7 సెకన్లు. అదే వేగంతో ఫ్లాట్ 3000 మొత్తం పరిగెడితే 8:21 వస్తుంది. నీ బెస్ట్ 8:55. పైగా ఆ 38లో నిలబడి స్టార్ట్ తీసుకున్న సమయం కూడా ఉంది కాబట్టి, ఫినిష్ లైన్ దాటేటప్పటికి నీ అసలు వేగం ఇంకా ఎక్కువే. ఆ వేగం ఒక్కసారిగా తగ్గదు కదా. అందుకే మొదటి ల్యాప్ 73 వచ్చింది. నువ్వు ప్లాన్ తప్పలేదు, ప్లాన్‌లోనే దూరం తప్పు పడింది.

ఇక 9:30కి సరైన అంకె ఎలా వస్తుందో చూద్దాం. స్టీపుల్‌చేజ్ టైమ్‌ని రెండు భాగాలుగా విడగొట్టి ఆలోచించడం నాకు అలవాటు. ఒకటి మామూలు పరుగు, రెండోది దూకుడు, అంటే హర్డిల్స్, నీళ్లు దాటడం వల్ల అదనంగా పోయే సమయం. నీ ఫ్లాట్ 8:55 అంటే 535 సెకన్లు, వంద మీటర్లకి 17.8. లక్ష్యం 570. మధ్యలో 35 సెకన్లు ఉన్నాయి. ఏడు ల్యాపులకి పంచితే ల్యాప్‌కి 5 సెకన్లు. ఒక్కో ల్యాప్‌లో నాలుగు మామూలు హర్డిల్స్, ఒక వాటర్ జంప్ ఉంటాయి. హర్డిల్‌కి 0.8, నీళ్లకి 1.8 అని నేను వేసుకుంటాను. నాలుగు ఎనిమిదులు 3.2, దానికి 1.8 కలిపితే 5. ఇది నేను అంచనాగా వేసుకునే పంపకం. మనిషిని బట్టి మారుతుంది. నీది ఎంతో కొలుచుకునే పద్ధతి కింద చెప్తాను.

35 సెకన్ల తేడా అంటే నీ స్థాయిలో సాధ్యమే, కానీ ఊరికే రాదు. పై స్థాయిలో ఇది ఎంత ఉంటుందో చూడు. ఇథియోపియా రన్నర్ లమేచా గిర్మా 2023లో ఇండోర్ 3000 మీటర్లు 7:23.81లో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే ఏడాది జూన్‌లో పారిస్‌లో స్టీపుల్‌చేజ్ ప్రపంచ రికార్డు 7:52.11. రెండింటికీ తేడా 28 సెకన్లు. అంటే అంత దూకుడు వచ్చినవాడికి కూడా ల్యాప్‌కి 4 సెకన్లు పోతున్నాయి. నీకు ఈసారి పోయింది 44. ఆ 44లో కొంత దూకుడుది, కొంత ఆ తొందర స్టార్ట్‌ది. ఇప్పుడు రెండూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి సార్‌కి స్టామినాలా కనిపించింది.

సరే, సమానమైన శ్రమతో వెళ్తే 9:30కి అంకెలు ఇలా వస్తాయి. 227 మీటర్లకి 40.5, స్టార్ట్ తడబాటు కలుపుకుని 41 అనుకో. తర్వాత ఒక్కో ల్యాప్ 70.6 పరుగు, 5 దూకుడు, మొత్తం 75.6. నువ్వు అనుకున్న 76కి ఇది దగ్గరే. అసలు తేడా అంతా ఆ మొదటి ముక్కలోనే, 38 ఎక్కడ, 41 ఎక్కడ. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. 227 మీటర్లలో మూడు సెకన్లు అంటే దాదాపు 17 మీటర్లు ముందుకెళ్లి పరిగెత్తినట్టు.

నీ మొదటి ల్యాప్ 73లోంచి దూకుడు 5 తీసేస్తే 68. అది ఫ్లాట్ 8:35 వేగం. రెండు ల్యాపులు అయ్యేసరికి గడియారం 3:06 చూపించింది. ఉండాల్సింది 3:12. దాదాపు ఆరు సెకన్లు సంపాదించాను అనుకుని ఉంటావు. ఆ తర్వాత ఐదు ల్యాపుల్లో ఉండాల్సిన దానికంటే పదిహేను సెకన్లు ఎక్కువ పట్టింది.

ఫ్లాట్ రేసులో కూడా తొందరపడితే చివర్లో పోతుంది. స్టీపుల్‌చేజ్‌లో అది ఎక్కువగా పోవడానికి కారణం ఉంది. హర్డిల్‌కి 0.8 అన్నాను కదా, అది కాళ్లు తాజాగా ఉన్నప్పటి ధర. అలిసేకొద్దీ అడుగు పొట్టి అవుతుంది. పొట్టి అయితే దూకాల్సిన చోటికి అడుగు కుదరదు. కుదరకపోతే హర్డిల్‌కి ముందు మూడు నాలుగు చిన్న అడుగులు టకటకా వేసి సర్దుకుంటాం. నేను ట్రాక్ పక్కన నిలబడితే కళ్లు మూసుకున్నా ఎవరు అలిసిపోయారో చెప్పగలను, స్పైక్స్ చప్పుడు హర్డిల్ ముందు దగ్గర దగ్గరగా పడుతుంది. అలా సర్దుకున్నప్పుడు వేగం పోతుంది, తక్కువ వేగంతో ఎత్తు దాటాలంటే పైకి ఎగరాలి, పైకి ఎగిరితే బరువుగా దిగుతాం, మళ్లీ వేగం అందుకోవడానికి ఇంకొంచెం ఖర్చు. ఇలా 0.8 కాస్తా 1.2, 1.3 అయిపోతుంది. మగవాళ్ల హర్డిల్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు, మన మూడడుగులు. పైన పట్టీ ఐదంగుళాల మందం, ఒక్కోటి 80 నుంచి 100 కిలోలు. 110 మీటర్ల హర్డిల్ లాగా తగిలితే పడిపోయేది కాదు, అందుకే అలిసినవాడు ఇంకా భయంగా, ఇంకా ఎత్తుగా దాటతాడు.

ఇక్కడ ఇంకో విషయం. కొందరు ల్యాపులు కాకుండా కిలోమీటర్లు చూసుకుంటారు. టీవీలో కూడా వెయ్యికి ఎంత, రెండు వేలకి ఎంత అనే చూపిస్తారు. నీ స్ప్లిట్స్‌ని నేను అలా మార్చి చూస్తే సుమారుగా 3:02, 3:18, 3:18 వస్తుంది. చూడగానే మధ్య కిలోమీటర్‌లో కుప్పకూలినట్టు ఉంటుంది. కానీ మూడు కిలోమీటర్లూ ఒకటి కావు. హర్డిల్స్ మధ్య దూరం సుమారు 79 మీటర్లు, ల్యాప్‌లో మొదటిది ఫినిష్ లైన్ దాటిన కాసేపటికే వస్తుంది, నాలుగోది నీళ్లు. ఆ లెక్కన వెయ్యి మీటర్ల గుర్తు రెండో ల్యాప్ అయిపోవడానికి 20 మీటర్ల ముందు పడుతుంది. అప్పటికి దూకినవి పదే. రెండు వేల గుర్తు ఐదో ల్యాప్‌లో 188 మీటర్ల దగ్గర, మూడో హర్డిల్ దాటాక, నీళ్లకి ముందు. అంటే రెండో కిలోమీటర్‌లో పదమూడు దూకుళ్లు. మూడో కిలోమీటర్‌లో పన్నెండు, కానీ వాటిలో నీళ్లు మూడుసార్లు. మొత్తం ముప్పై ఐదు.

నా 0.8, 1.8 వేసి చూస్తే, ఒకే శ్రమతో పరిగెత్తినవాడికి 9:30లో కిలోమీటర్లు సుమారుగా 3:08, 3:11, 3:11 రావాలి. అంటే మొదటి కిలోమీటర్ రెండున్నర సెకన్లు తక్కువ రావడం సహజం, అది తొందరపాటు కాదు. మొదటిది 3:08 వచ్చి రెండోది 3:11 వస్తే పడిపోయానని మధ్యలో కంగారుపడి లాగొద్దు. నీ 3:02 మాత్రం ఆరు సెకన్ల తొందరే.

మరి రేసులో ఏం చూసుకోవాలి? ఫినిష్ లైన్ దగ్గర గడియారం. ప్రతిసారీ ల్యాప్ టైమ్ తీసివేతలు చేసే తీరిక ఉండదు, ఊపిరి ఆడనప్పుడు లెక్కలు రావు. మొత్తం టైమ్ గుర్తుపెట్టుకో. నేనైతే నీకు ఇలా వేస్తాను: మొదటి ముక్క 41, తర్వాత 75, 75.5, 76, 76, 76.5, 76, చివరిది 74. గడియారంలో ఇవి 0:41, 1:56, 3:11, 4:27, 5:43, 7:00, 8:16, 9:30గా కనిపిస్తాయి. ఇన్ని గుర్తుండకపోతే రెండు చాలు. స్టార్ట్ తర్వాత ఫినిష్ లైన్ దగ్గర 41కి తక్కువ ఉండకూడదు, రెండు ల్యాపులు మిగిలాయని బోర్డు చూపేటప్పుడు గడియారం 7:00 చూపాలి. ఈసారి అక్కడ నీకు 7:03 ఉంది. అంటే అప్పటికి మూడు సెకన్లే వెనక. కానీ ఆ తర్వాత 80, 76. ఏడు నిమిషాలకి ఎవరు ఏ కాళ్లతో వచ్చారన్నదే ముఖ్యం.

ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను. 41లో వెళ్తే నువ్వు గుంపులో వెనకబడతావు. మొదటి హర్డిల్ ఫినిష్ లైన్ దాటగానే వస్తుంది, పది పదిహేను మంది ఒకేసారి దాని మీదికి వెళ్తారు, ముందువాడి వీపు తప్ప హర్డిల్ కనిపించదు. ఆ భయంతోనే చాలామంది 227లో లాగేస్తారు. లాగకుండా, మొదటి ల్యాప్ వరకు కొంచెం బయటివైపు ఉండు. హర్డిల్ దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు, చోటుంది. బయట పరిగెత్తడం వల్ల కొన్ని మీటర్లు పోతాయి, పోనీ. రెండో ల్యాప్‌కల్లా గుంపు పల్చబడుతుంది, అప్పుడు లోపలికి రా. గుంపు మొత్తం నెమ్మదిగా వెళ్తే సంగతి వేరు, అప్పుడు పతకం కోసం పరిగెడుతున్నట్టు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో బీడ్ జిల్లా కుర్రాడు అవినాశ్ సాబ్లే 8:11.20తో వెండి తెచ్చాడు, బంగారానికి 0.05 సెకను దూరంలో. అలాంటి రేసులో స్ప్లిట్స్ ఎవరూ చూడరు, పక్కవాణ్ణే చూస్తారు. నువ్వు ఇప్పుడు టైమ్ కోసం పరిగెడుతున్నావు, కాబట్టి గడియారమే చూడు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, స్టామినానా, హర్డిల్సా. 38ని సరిచేసి ఒక రేసు పరిగెత్తాక కూడా ల్యాపులు పడిపోతే అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. ల్యాప్ టైమ్ చూసి ఎవ్వరూ చెప్పలేరు, అందులో అన్నీ కలిసి ఉంటాయి. ఫ్రెండ్ చేత స్టాప్‌వాచ్ కాకుండా ఫోన్‌లో రేసు మొత్తం వీడియో తీయించు, స్టాండ్స్‌లో పై మెట్టు మీద నిలబడి, నిన్నే ఫాలో అవుతూ. ఇంటికొచ్చి వీడియో ఆపి ఆపి రెండు కొలతలు తీసుకో. మొదటిది, ఒకటో హర్డిల్ దాటి కాలు నేల తాకిన క్షణం నుంచి మూడో హర్డిల్ దాటి కాలు నేల తాకిన క్షణం వరకు. రెండోది, అక్కడి నుంచి నీళ్లు దాటి, చివరి హర్డిల్ కూడా దాటి కాలు నేల తాకేవరకు. రెండూ సుమారు 158 మీటర్లే. మొదటిదాంట్లో రెండు మామూలు హర్డిల్స్, రెండోదాంట్లో ఒక నీళ్లు, ఒక హర్డిల్. కాబట్టి రెండో కొలత మొదటిదానికంటే ఒక సెకను ఎక్కువ రావాలి. నీళ్ల ధర 1.8లోంచి హర్డిల్ ధర 0.8 పోతే ఆ ఒక్కటే మిగులుతుంది. మొదటి ల్యాప్‌లో నీకు ఎంత వచ్చిందో అదే నీ సొంత అంకె.

ఇక ఐదో ల్యాప్‌లో మళ్లీ అదే కొలువు. ఉదాహరణకి మొదటి ల్యాప్‌లో 29.8, 30.8 వచ్చి, ఐదో ల్యాప్‌లో 31.5, 32.5 వచ్చిందనుకో. తేడా ఒక సెకనే నిలిచింది. అప్పుడు సార్ మాట కరెక్ట్, పరుగే తగ్గింది. పాతపట్నం రోడ్డు మీద పొద్దున్నే కిలోమీటర్లు పెంచుకోవాల్సిందే. కానీ 30.3, 33 వచ్చిందనుకో. అంటే హర్డిల్స్ మధ్య పరుగు దాదాపు అలాగే ఉంది, నీళ్ల దగ్గర రెండు సెకన్లు మునిగిపోతున్నాయి. రెండు సందర్భాల్లోనూ ల్యాప్ టైమ్ మాత్రం పక్కపక్కనే ఉంటుంది, కాగితం మీద తేడా కనిపించదు. మందు పూర్తిగా వేరు.

వీడియో లేకపోయినా నీళ్ల దగ్గర నిలబడ్డవాడికి తెలిసిపోయే గుర్తు ఒకటుంది. నిక్కరు ఎంతవరకు తడిసిందో చూడమను. నీళ్ల గుంత హర్డిల్ పక్కన అర మీటర్ లోతు ఉంటుంది, అవతలి గట్టుకి వెళ్లేకొద్దీ వాలుగా పైకి వచ్చి ట్రాక్ మట్టానికి కలుస్తుంది. హర్డిల్ నుంచి అవతలి అంచు వరకు 3.66 మీటర్లు. ఎంత దూరం దూకితే అంత తక్కువ లోతు. బాగా దూకినప్పుడు ఒక కాలు చీలమండ వరకే మునుగుతుంది, రెండో కాలు పొడి ట్రాక్ మీద పడుతుంది, తడి మోకాలి దాటదు. అలిసినప్పుడు లోతులో, రెండు కాళ్లూ దాదాపు కలిపి పడతాయి, నీళ్లు నడుము దాకా ఎగురుతాయి, మనిషి ఒక క్షణం అక్కడే ఆగిపోతాడు. ఆ ఆగడమే ఖరీదు. ఆగినచోట నుంచి మళ్లీ పరుగు అందుకోవడానికి ఇరవై ముప్పై మీటర్లు పడుతుంది, అందుకే నీళ్ల ఒక్కచోటే కొలిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. నేను చివరి హర్డిల్ వరకు కొలవమన్నది అందుకే.

లోతులో పడటానికి కారణం కాళ్లలో బలం లేకపోవడం అనుకుంటారు. చాలాసార్లు అది నీళ్ల ముందు పదిహేను మీటర్లలో జరిగిన పని. అలిసినవాడు హర్డిల్ చూసి నెమ్మదిస్తాడు. నెమ్మదిగా వచ్చి పట్టీ మీద కాలు పెడితే ముందుకు తీసుకెళ్లే వేగం ఉండదు, పైకి లేచి నిలువుగా దిగుతాడు. చేయాల్సింది రివర్స్. చివరి పదిహేను మీటర్లలో కొంచెం వేగం పెంచాలి. కాలు పట్టీ మీద పడగానే మోకాలు బాగా మడిచి, ఒళ్లు కిందికి ఉంచి, బరువు పట్టీని దాటి ముందుకు వెళ్లేదాకా ఆగి, అప్పుడు వెనక్కి తన్నాలి. పైకి నిలబడితే పని చెడినట్టే. ఏ కాలు పట్టీ మీద పెట్టాలో ముందే తెలిసి ఉండాలి, అక్కడికొచ్చాక ఆలోచించకూడదు. అక్కడ తడబడితే టైమ్ మాత్రమే పోదు. 2025 జూలైలో మొనాకోలో సాబ్లేనే నీళ్ల దగ్గర పడి మోకాలి లిగమెంట్ తెగి సీజన్ పోగొట్టుకున్నాడు. అతని జాతీయ రికార్డు 8:09.91. అంతటివాడికి అయింది.

మీ దగ్గర వాటర్ జంప్ లేకపోతే లాంగ్ జంప్ ఇసుక గుంత వాడుకో. వడ్రంగి చేత మూడడుగుల ఎత్తు, ఐదంగుళాల మందం పట్టీతో ఒక హర్డిల్ చేయించి, గుంత అంచున ఊగకుండా పాతించు. ఊగే హర్డిల్ మీద కాలు పెట్టడం నేర్చుకుంటే తర్వాత అస్సలు మానలేవు. హర్డిల్ నుంచి పన్నెండడుగుల దగ్గర ఇసుకలో తాడు పరిచి పెట్టు, అదే అవతలి గట్టు. మడమ ముద్ర తాడుకి ఒకటి రెండు అడుగుల లోపు పడాలి. ఇసుక బాగా తవ్వించి వదులుగా ఉంచు. తాజాగా ఉన్నప్పుడు పది బాగా పడటంలో గొప్పేం లేదు. 400 మీటర్లు రేసు వేగంతో పరిగెత్తి నేరుగా వచ్చి దూకు, ముద్ర ఎక్కడ పడిందో చూడు. ఆ ముద్రే నీ ఐదో ల్యాప్.

మీ మట్టి గ్రౌండ్‌లో 400 మీటర్ల ల్యాప్‌ని రేసు ల్యాప్‌తో పోల్చుకునేటప్పుడు కూడా ఓ లెక్క ఉంది. నాలుగు హర్డిల్స్ పెట్టి, నీళ్లు లేకుండా 400 కొడితే 9:30 శ్రమకి 74.5 రావాలి. 71.3 పరుగు, 3.2 హర్డిల్స్. నువ్వు ప్రాక్టీస్‌లో అలా 76 కొట్టి సరిపోయిందనుకుని ఉంటే, అది రేసులో 77 అవుతుంది. మట్టిలో స్పైక్స్ జారతాయి కాబట్టి అర సెకను అటూ ఇటూ పట్టించుకోకు. స్టార్ట్ మాత్రం ప్రత్యేకంగా నేర్చుకో. టేపు పట్టి 227 మీటర్లు కొలిచి, నిలబడి స్టార్ట్ తీసుకుని 41లో దాటి, ఆగకుండా హర్డిల్స్‌తో ఒక ల్యాప్ కొట్టు. బాగా రెస్ట్ తీసుకుని మూడు నాలుగు సార్లు. మొదట్లో 41 మరీ నెమ్మదిగా, సిగ్గుగా అనిపిస్తుంది. 39 వస్తే ఆ ల్యాప్ కొనసాగించకుండా ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టు.

చివరగా ఒకటి, లేకపోతే వచ్చే మీట్‌లో మళ్లీ గందరగోళం అవుతుంది. వైజాగ్ వెళ్లినా, భువనేశ్వర్ వెళ్లినా, ముందురోజే వాటర్ జంప్ మలుపుకి లోపల ఉందా, బయట ఉందా చూసుకో. బయట ఉంటే దారి చుట్టు తిరిగి వెళ్తుంది, ల్యాప్ 419 మీటర్లు అవుతుంది, స్టార్ట్ ముక్క 64 మీటర్లే మిగులుతుంది. అక్కడ 9:30కి ల్యాప్ 79.8. మొదటి ల్యాప్ 80 చూసి ఆలస్యం అయిపోయిందని పరిగెడితే నీ 73 కథ మళ్లీ మొదలవుతుంది. 64 మీటర్లలో గుంపు విడిపోయే చోటు కూడా ఉండదు, కాబట్టి అక్కడ మొదటి హర్డిల్‌కి బయటివైపు నుంచే వెళ్లు. స్టార్ట్ నుంచి ఫినిష్ లైన్‌కి పన్నెండు సెకన్లు, ఆ తర్వాత ఫినిష్ లైన్ దాటిన ప్రతిసారీ 80 కలుపుకుంటూ పో. ఐదు ల్యాపులు అయ్యేసరికి గడియారం 6:52 దాటకూడదు, చివరి రెండు మాత్రం 79 చొప్పున కొట్టాలి.